9వ పిన్ పక్కన రాసిన మూడు అక్షరాలు

(భీమవరంలో ప్యానెల్ బోర్డులు బాగుచేసే మెకానిక్కులకూ, పాలిటెక్నిక్ ఎలక్ట్రానిక్స్ విద్యార్థులకూ కలిపి జరిగిన ఒక తరగతిలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారమండి. ఎండన పడి వచ్చారు, ముందు మజ్జిగ తాగండి. ఫ్యాను కింద జాగా ఉంది, వెనకాల నిలబడ్డవాళ్ళు కూడా ఇటు రండి.

ఈరోజు ఒక్క కాగితం గురించే మాట్లాడతాను. చిప్పు తయారుచేసినవాడు అచ్చువేసే డేటాషీట్‌లో ఒక్క పేజీ. ఆ పేజీని ఫోన్‌తో ఫొటో తీసి, అందులోంచి మనకు కావలసిన నాలుగు ముక్కలూ ఒక పట్టికగా ఎలా రాసుకోవాలి, రాసుకునేటప్పుడు ఎక్కడ కాలు జారుతుంది అన్నదే సంగతి. ఉదాహరణకి మీ అందరి చేతుల్లోనూ తిరిగే చిప్పునే తీసుకుంటాను. ULN2003A. చెరువు గట్టు మీద ఏ కంట్రోల్ డబ్బా మూత తీసినా రిలేల పక్కన పదహారు కాళ్ళతో కూర్చుని ఉంటుంది, అదే.

ముందు నా షాపులో జరిగింది చెబుతాను. ఉండి వైపు నుంచి ఒక రైతు బోర్డు తెచ్చారు. ఆరు ఏరేటర్లను ఒకదాని తర్వాత ఒకటి, కొన్ని సెకన్ల తేడాతో స్టార్ట్ చేసే బోర్డు అది. తెల్లవారుజామున చెరువులో డీఓ, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, పడిపోయేవేళకి అన్నీ తిరుగుతూ ఉండాలి, కానీ అన్నీ ఒక్కసారే లేవకూడదు. మోటారు లేచేటప్పుడు మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది కదండీ, ఆరూ కలిసి లేస్తే ఫ్యూజు ఆగదు. ఆ బోర్డు ఉప్పుగాలికి తుప్పుపట్టి పోయింది. కొత్త బోర్డు మీద మళ్ళీ కట్టాలని కూర్చున్నాం. డేటాషీట్ జిరాక్సు ఒకటి ఉంటే, నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు దాన్ని ఫొటో తీసి, ఫోన్‌లోనే అక్షరాలు ఎత్తించి, పట్టిక రాసిచ్చాడు. చక్కగా గీతలు గీసి రాశాడు. నేను దాన్ని చూసి వైరింగ్ చేసేశాను. అసలు పేజీ తిప్పి చూడలేదు. ఆ తప్పు నాదే.

బెంచీ మీద పెట్టి 12 వోల్టులు ఇచ్చాం. టక్కుమని ఆరు రిలేలూ ఒక్కసారే పట్టేశాయి. ఇన్‌పుట్లు అన్నీ సున్నాలో ఉన్నాయి. ఇన్‌పుట్ వైర్లు పీకేసినా రిలేలు వదల్లేదు. చిప్పు కాలిందనుకుని మార్చాం. కొత్త చిప్పుతోనూ అదే టక్కు.

పట్టికలో 9వ పిన్ దగ్గర ‘కామన్’ అని రాసుంది. అబ్బాయి దాన్ని గ్రౌండ్ అనుకున్నాడు, నేనూ అదే అనుకున్నాను. షీట్‌లో ఉన్నది COM అనే మూడు అక్షరాలు. దాని ఎదురుగా రెండో గడిలో ఒక పూర్తి వాక్యం ఉంది. లోపల ఏడు డయోడ్లు ఉన్నాయి, వాటి కాథోడ్లన్నీ కలిసే చోటు ఇది, కాయిల్ లాంటి భారం ఉన్నప్పుడు తప్పనిసరిగా కావాలి అని. ఫొటోలో ఆ గడి పేజీ మడత మీద పడింది. ఫోన్‌కు అక్షరాలు దొరకలేదు, పేరు మాత్రం దొరికింది. పేరు ఉంది కదా అని పట్టికలో పేరే మిగిలింది.

ఆ పిన్ గ్రౌండ్‌కు కలిపితే ఏమవుతుందో ఒక్క నిమిషం చూడండి. ఒక్కో అవుట్‌పుట్ నుంచి 9వ పిన్‌కు ఒక డయోడ్ ఉంది, యానోడ్ అవుట్‌పుట్ వైపు. అవుట్‌పుట్ ఆఫ్‌లో ఉంటే రిలే కాయిల్ ద్వారా అక్కడికి 12 వోల్టులు వస్తాయి. మామూలుగా అయితే ఆ కరెంటుకు దారి లేదు. మనం 9ని గ్రౌండ్ చేశాం కాబట్టి డయోడ్ ద్వారా దారి దొరికింది. డయోడ్ మీద వోల్టు లోపే పోతుంది, మిగిలిన పదకొండు పైచిలుకు వోల్టులూ కాయిల్‌కే. రిలే ఎందుకు పట్టదండీ. ఇన్‌పుట్‌తో దానికి పనే లేదు. ఆ 9ని రిలేల ప్లస్‌కు కలపాలి. అప్పుడు రిలే ఆఫ్ అయిన క్షణంలో కాయిల్ తన్నే వోల్టేజీకి ఆ డయోడ్ దారి ఇచ్చి, చిప్పును కాపాడుతుంది.

ఇంకో మాట. 9ని ఎక్కడా కలపకుండా వదిలేస్తే బోర్డు పనిచేస్తుంది, అన్ని రిలేలూ సరిగ్గానే ఆడతాయి. అది మరీ ప్రమాదం. ఆఫ్ అయిన ప్రతిసారీ కాయిల్ తన్ను చిప్పు మీదే పడుతుంటుంది. అది ఓర్చుకునేది 50 వోల్టులే. కొన్నాళ్ళకు ఒక అవుట్‌పుట్ షార్ట్ అయి, ఒక ఏరేటర్ ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. అప్పటికి ఆ బోర్డు కట్టినవాడు ఎవరో కూడా ఎవరికీ గుర్తుండదు.

ఆ రోజు నుంచి పట్టిక రాసే పద్ధతి మార్చుకున్నాను. అది చెబుతాను.

మొదట ఫొటో. మీ ఫోన్‌లో డేటాషీట్ పీడీఎఫ్ ఉంటే దయచేసి తెరను ఫొటో తీయకండి. అందులో అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి, నేరుగా కాపీ చేసుకోవచ్చు. మన దగ్గరికి వచ్చేది ఎక్కువగా జిరాక్సు మీద తీసిన జిరాక్సు, లేదా పాత డేటాబుక్కులో ఒక పేజీ. దానికి ఫొటో తప్పదు. పేజీ మీద గాజు పలక పెట్టి చదును చేయండి. కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా చూసుకోండి, ఫ్లాష్ వద్దు. ఫోన్ సరిగ్గా పైనుంచి ఉండాలి. ఏటవాలుగా తీస్తే పట్టిక అడుగు వరుసలు వంగి, ఒక వరుస అంకె పక్క వరుసలోకి జారుతుంది. పేజీ ఫొటో నిండా ఉండాలి. 12 మెగాపిక్సెల్ ఫొటోలో చిన్న వైపు సుమారు 3000 చుక్కలు. ఏ4 కాగితం వెడల్పు ఆ వైపు నిండితే అంగుళానికి 360 చుక్కలు పడతాయి, చిన్న అక్షరాలకు అది సరిపోతుంది. పేజీ సగం ఫొటోలోనే ఉంటే అది 180కి పడిపోతుంది. అప్పుడు చుక్కకూ మరకకూ తేడా తెలియదు. డెసిమల్ పాయింటు అంటే చుక్కేగా.

ఇక పట్టిక. నేను ముందుగా పిన్నులే రాస్తాను, అంకెల జోలికి పోను. ఈ చిప్పులో ఎడమ వరుస పైనుంచి కిందికి 1 నుంచి 8. కుడి వరుస కిందినుంచి పైకి 9 నుంచి 16. అందుకని మొదటి ఇన్‌పుట్ 1వ పిన్ అయితే మొదటి అవుట్‌పుట్ దాని ఎదురుగా 16వ పిన్ అవుతుంది. షీట్‌లో 1C నుంచి 7C దాకా పేర్లు ఎక్కుతూ పోతే, పిన్ నంబర్లు 16 నుంచి 10కి దిగుతూ పోతాయి. ఫొటోలోంచి ఎత్తినప్పుడు ఒక వరుస ఎగిరిపోయిందంటే కింద ఉన్నవన్నీ ఒక మెట్టు జారతాయి, చూడ్డానికి మాత్రం బాగానే ఉంటాయి. దీనికి సులువైన పరీక్ష ఒకటి ఉంది. ఏ ఇన్‌పుట్ నంబరైనా దాని అవుట్‌పుట్ నంబరుతో కూడండి, 17 రావాలి. ఒకటీ పదహారూ పదిహేడు, మూడూ పద్నాలుగూ పదిహేడు, ఏడూ పదీ పదిహేడు. ఒక్కచోట 16 గానీ 18 గానీ వస్తే మళ్ళీ పేజీ దగ్గరికి వెళ్ళాలి.

```
పిన్      పేరు      పని
1 - 7     1B - 7B   ఇన్‌పుట్లు
8         E         గ్రౌండ్ (అన్ని ఎమిటర్లూ ఇక్కడే)
9         COM       డయోడ్ల కాథోడ్లు -> రిలే ప్లస్
16 - 10   1C - 7C   అవుట్‌పుట్లు
```

‘పని’ గడిలో పేరునే మళ్ళీ రాయకూడదని నా నియమం. COM అంటే కామన్ అని రాస్తే ఏమీ రాయనట్టే. ఆ వైరు రెండో కొస ఎక్కడికి పోతుందో రాయాలి. ఆ మాట రాయలేకపోతున్నానంటే నాకు ఆ పిన్ అర్థం కాలేదన్నమాట. అప్పుడు గడి ఖాళీగా వదిలి, పక్కన ప్రశ్న గుర్తు పెడతాను.

తర్వాత అంకెలు. ఇక్కడ ఒక విభజన చేసుకోకపోతే మిగతా శ్రమంతా వృథా. డేటాషీట్‌లో అంకెలు రెండు జాతులు. ఒకటి, దాటితే చిప్పు పాడయ్యే గీత. దాన్ని నేను ‘హద్దు’ అని రాసుకుంటాను. రెండోది, చెప్పిన పరిస్థితుల్లో చిప్పు ఎలా ప్రవర్తిస్తుందో చెప్పే అంకె. దాన్ని ‘నడత’ అంటాను. పేజీలో ఇవి వేర్వేరు పట్టికల్లో, వేర్వేరు శీర్షికల కింద ఉంటాయి. ఫొటోలో శీర్షిక కత్తిరించుకుపోయిందంటే రెండూ ఒకే రకంగా కనబడతాయి. అందుకని ప్రతి వరుసకూ ముందు జాతి రాస్తాను.

```
జాతి   గుర్తు      కని.   సాధా.  గరి.   యూనిట్  షరతు
హద్దు  VCE                       50     V
హద్దు  VI                        30     V       E పిన్‌తో పోల్చి
హద్దు  IC                        500    mA      ఒక్క అవుట్‌పుట్, పీక్
హద్దు  IE మొత్తం                 -2.5   A       అన్నీ కలిపి
హద్దు  TA         -20            70     °C      ULN2003A కి మాత్రమే
నడత    VCE(sat)          0.9    1.1    V       II=250 µA, IC=100 mA
నడత    II                0.93   1.35   mA      VI=3.85 V
నడత    ICEX                     50     µA      VCE=50 V, II=0, 25 °C
```

ఇది టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ షీట్ నుంచి తీసింది. పేజీ మీద SLRS027 అని, దాని పక్కన సవరణ అక్షరం ఉంటుంది. పట్టిక పైన అది కూడా రాసుకోండి. ఇదే పేరుతో ఇంకో కంపెనీ చేసిన చిప్పుకు ఉష్ణోగ్రత వరుస వేరేగా ఉండొచ్చు.

చివరి గడి చూడండి, షరతు. కుర్రాళ్ళు మొట్టమొదట వదిలేసేది అదే, ఎందుకంటే ఫొటోలో అన్నిటికంటే సన్నగా ఉండేది అదే. ‘ఆన్‌లో ఉన్నప్పుడు అవుట్‌పుట్ దగ్గర 1.1 వోల్టు’ అని మాత్రమే రాసుకుంటే అది సగం నిజం. 100 మిల్లీఆంపియర్ల దగ్గర 1.1. అదే వరుస కింద 350 మిల్లీఆంపియర్లకు గరిష్ఠం 1.6 అని ఉంటుంది. షీట్‌లో గుర్తు ఒక్కసారే రాసి, దాని కింద మూడు షరతులు వరుసగా ఇస్తారు. కలిపేసిన గడి అన్నమాట. ఫోన్ దాన్ని ఎత్తినప్పుడు మొదటి వరుసకే పేరు ఉంటుంది, మిగతా రెండు పేరు లేని అనాథ అంకెలు. పట్టికలో రాసేటప్పుడు ఆ పేరు మూడు వరుసల్లోనూ మళ్ళీ రాయండి.

ఉష్ణోగ్రత వరుసలో ఇదే తంటా ఇంకా ఎక్కువ. ఒకే గడిలో నాలుగు పేర్లు ఉంటాయి. ULN2003A కి మైనస్ 20 నుంచి 70. ULN2003AI కి మైనస్ 40 నుంచి 105. ULQ2003A కి మైనస్ 40 నుంచి 85. ULQ2003AT కి మళ్ళీ 105. చివర ఒక్క అక్షరం తేడా. ఫొటో కొంచెం ఏటవాలుగా ఉంటే 70 ఎదురుగా ఉండవలసిన పేరు 105 ఎదురుగా కూర్చుంటుంది. రోహిణి కార్తెలో చెరువు గట్టు మీద మూసిన ఇనప డబ్బా లోపల ఎంత వేడి ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు, మూత ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. అక్కడ 70కీ 105కీ తేడా చిన్నది కాదు. కాబట్టి చిప్పు మీద అచ్చైన పేరును భూతద్దంతో చదివి, పట్టికలో ఆ ఒక్క పేరు వరుసే ఉంచండి. మిగతా మూడూ కొట్టేయండి.

మైనస్ గుర్తు గురించి కూడా. జిరాక్సులో అది సన్నని గీత, మరకలాగే ఉంటుంది, తేలిగ్గా పోతుంది. 20 నుంచి 70 అని రాసున్న పట్టిక నేను చూశాను. మన ఊళ్ళో చలికాలం తెల్లవారుజామున 20 కంటే దిగుతుంది కదా, అంటే ఆ పట్టిక ప్రకారం ఈ చిప్పు సంక్రాంతికి పనిచేయకూడదు. మొత్తం కరెంటు దగ్గర మైనస్ వేరే సంగతి. అక్కడ అది దిశ. ఆ కరెంటు పిన్ లోపలికి కాకుండా బయటికి వస్తుందని అర్థం. అది చూసి తప్పు పడిందనుకుని చెరిపేయకండి.

ఇప్పుడు యూనిట్లు. ఎక్కువ చేటు చేసేది µ అనే గుర్తు. దాని తోక ఫొటోలో పోతే u అవుతుంది, ఒక్కోసారి m అయిపోతుంది. మైక్రో కాస్తా మిల్లీ, అంటే వెయ్యి రెట్లు. దీన్ని కళ్ళతో పట్టుకోవడం కష్టం, లెక్కతో పట్టుకోవడం సులువు. లీకేజీ వరుస చూడండి, ICEX. 50 మైక్రోఆంపియర్లు, 50 వోల్టుల దగ్గర. పొరపాటున మిల్లీ అని రాసుకున్నారనుకోండి. 50 వోల్టులు ఇంటూ 50 మిల్లీఆంపియర్లు అంటే రెండున్నర వాట్లు. అవుట్‌పుట్ ఆఫ్‌లో ఉండగా, ఒక్కో అవుట్‌పుట్‌లో రెండున్నర వాట్లు. అలాంటి చిప్పు ఎవడూ అమ్మడు. మైక్రో అని పెడితే రెండున్నర మిల్లీవాట్లు వస్తుంది. అది నమ్మదగ్గ మాట.

ఇన్‌పుట్ కరెంటును ఇంకా బాగా పట్టుకోవచ్చు, ఎందుకంటే అదే షీట్‌లో లోపలి బొమ్మ ఉంది. ఇన్‌పుట్‌లో 2.7 కిలోఓముల రెసిస్టరు, దాని తర్వాత డార్లింగ్టన్ జంట, అంటే రెండు జంక్షన్లు వరుసగా. ఒక్కో జంక్షన్‌కు 0.7 వోల్టు తీసేయండి.

```
(3.85 - 1.4) / 2700 = 0.00091 A = 0.91 mA
```

షీట్‌లో సాధారణ విలువ 0.93 మిల్లీఆంపియర్లు. మన లెక్క పక్కనే వచ్చింది. అంటే ఫొటోలో చుక్క సరిగ్గా చదివాం, యూనిట్ సరిగ్గా చదివాం, 2.7 అన్నదీ సరిగ్గానే చదివాం. ఈ ఒక్క లెక్క మూడు గడులకు సాక్ష్యం. 93 అని గానీ, 0.93 మైక్రో అని గానీ రాసుంటే ఇక్కడే దొరికిపోయేది.

ఇక్కడ ఒక తమ్ముడు చెయ్యెత్తాడు. చెప్పు నాన్నా. ‘ఒక్కో అవుట్‌పుట్‌కు 500 మిల్లీఆంపియర్లు అన్నారు కదండీ, ఏడు కలిపితే మూడున్నర ఆంపియర్లు లాగొచ్చా?’ మంచి ప్రశ్న. పట్టికలో దాని కింది వరుస చూడు, అన్నీ కలిపి రెండున్నరే. ఏడు అరలు మూడున్నర అవుతాయి, అది హద్దు దాటినట్టే. ఆ వరుస ఫొటోలో పోతే ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఆ రెండున్నర కూడా హద్దేగానీ, రోజూ వాడుకునే అంకె కాదు. ఎందుకంటే వేడి ఉంది. 350 మిల్లీఆంపియర్ల చొప్పున ఏడూ ఆన్ చేస్తే మొత్తం 2.45, హద్దు లోపలే ఉన్నట్టు కనబడుతుంది. కానీ ఒక్కోదాంట్లో 0.35 ఇంటూ 1.6, అంటే 0.56 వాటు. ఏడింటికీ దగ్గర దగ్గర నాలుగు వాట్లు. సాకెట్‌లో గుచ్చే 16 కాళ్ళ ప్యాకేజీకి నా షీట్‌లో వాటుకు 67 డిగ్రీలు అని ఉంది. లెక్క కడితే 260 డిగ్రీల పెరుగుదల. లోపలి జంక్షన్ హద్దు 150. అంటే ఆ స్థితికి చేరకముందే చిప్పు పోతుంది.

మన బోర్డు సంగతి చూద్దాం. 12 వోల్టుల చిన్న రిలే కాయిల్ 400 ఓములు, అంటే 30 మిల్లీఆంపియర్లు. ఆరు రిలేలు, 180 మిల్లీఆంపియర్లు. 30 మిల్లీఆంపియర్లకు షీట్‌లో విలువ ఇవ్వలేదు, అందుకని 100 దగ్గరున్న 1.1నే పెట్టుకుంటాను, అసలు విలువ అంతకంటే తక్కువే ఉంటుంది కాబట్టి భయం లేదు. 0.18 ఇంటూ 1.1, అంటే 0.2 వాటు. వాటుకు 67 చొప్పున 13 డిగ్రీలు. డబ్బాలో 60 ఉందనుకుంటే లోపల 73. జంక్షన్‌కు ఇబ్బంది లేదు. కానీ 70 అన్న హద్దు చుట్టూ ఉన్న గాలిది, ఆ గాలి 60లో ఉంది. పది డిగ్రీలే మిగిలింది. అందుకే ఆ రైతు డబ్బాకు ఎండ తగలకుండా పైన ఒక రేకు వేయించాం, కింద గాలి ఆడటానికి జాలీ పెట్టించాం.

ఇంకో ప్రశ్న అక్కడ వెనక నుంచి వచ్చింది. ‘పేజీ అసలు చదవడానికే రాకపోతే?’ అమ్మా, చదవలేని గడిని ఊహించి నింపొద్దు. పక్క చిప్పు షీట్ నుంచి అరువు తెచ్చుకోవద్దు. ఖాళీ గడి మనల్ని మళ్ళీ వెతికిస్తుంది, తప్పు అంకె వెతకనివ్వదు. అదే పేజీని వేరే వెలుతురులో రెండోసారి ఫొటో తీసి, మొదటి పట్టిక చూడకుండా రెండో పట్టిక రాయండి. ఇద్దరు ఉంటే ఇంకా మంచిది, ఒకరు రాసింది ఇంకొకరు చూడకుండా రాయాలి. రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టండి. తేడా వచ్చిన గడులు మాత్రమే మళ్ళీ చూసుకుంటే చాలు. మా షాపులో ఇప్పుడు అలాగే చేస్తున్నాం. ఆ కుర్రాడు ఒకటి రాస్తాడు, నేను ఒకటి రాస్తాను.

పిన్నుల విషయంలో మాత్రం కాగితం మీదే ఆధారపడక్కర్లేదు, చిప్పునే అడగొచ్చు. మల్టీమీటరు తెచ్చినవాళ్ళు డయోడ్ గుర్తు మీద పెట్టండి. చిప్పు బోర్డులో ఉండకూడదు, విడిగా ఉండాలి. ఎర్ర ప్రోబ్ 16వ పిన్ మీద, నల్లది 9వ పిన్ మీద పెట్టండి. 0.6, 0.7 అలా ఏదో చూపిస్తుంది. చూపించిందా? ఇప్పుడు ప్రోబ్‌లు తారుమారు చేయండి, ఓపెన్ చూపించాలి. అంటే 16 నుంచి 9 వైపుకు డయోడ్ ఉంది, కాథోడ్ 9 దగ్గర ఉంది. 15తో చేయండి, 14తో చేయండి, 10 దాకా ఏడింటికీ అదే రావాలి. ఇప్పుడు ఎర్రది 8 మీద, నల్లది 16 మీద పెట్టండి. అక్కడా ఒక డయోడ్ చూపిస్తుంది, కానీ ఈసారి దిశ గ్రౌండ్ నుంచి అవుట్‌పుట్‌కు. 8వ పిన్, 9వ పిన్ ఎదురెదురుగా ఉన్నా ఒకటి కాదని మీటరే చెప్పేసింది. మీ పట్టికలో 9వ వరుసలో నేను రాసిన మాటకూ ఇప్పుడు మీటరు చూపించినదానికీ పొంతన కుదిరితే ఆ గడి పక్కన టిక్కు పెట్టండి. కుదరనివాళ్ళు చిప్పు ఇక్కడికి తీసుకురండి, కలిసి చూద్దాం.